టైటిల్ తెలుగు లిపిలోనా, ఇంగ్లీషు అక్షరాల్లోనా? వైజాగ్ ఛానల్ తేల్చుకునే పద్ధతి

ప్రశ్న: మాది వైజాగ్‌లో చిన్న యూట్యూబ్ ఛానల్ అండీ. గుళ్లు, చుట్టుపక్కల చూడాల్సిన చోట్లు, అక్కడికి ఎలా వెళ్లాలి అని చెప్పే వీడియోలు పెడతాం. చూసేవాళ్లు ఎక్కువగా ఇక్కడివాళ్లే. టైటిల్, ట్యాగులు తెలుగులో రాయాలా, ఇంగ్లీషు అక్షరాల్లో రాయాలా, రెండూ కలపాలా? ఒక్కొక్కరు ఒక్కోలా చెప్తున్నారు.

జవాబు:

టైటిల్ మొత్తానికి ఒకే లిపి అని ముందే గిరి గీసుకోకండి. మాటమాటకీ విడిగా తేల్చుకోండి. జనం వెతుకులాట పెట్టెలో కొట్టే మాట ఏ అక్షరాల్లో కొడుతున్నారో ఆ అక్షరాల్లోనే ఉండాలి. కళ్లతో చదివి "ఇది మనకు పనికొస్తుంది" అనుకోవాల్సిన మాట తెలుగు లిపిలో ఉండాలి. మీ చూపరులే ఈ రెండు పనులూ రెండు రకాలుగా చేస్తారు. ఫోన్లో తెలుగు కీబోర్డు పెట్టుకోనివాళ్లు `simhachalam` అని కొడతారు, కానీ వరసగా పది వీడియోలు కనిపించినప్పుడు తెలుగులో రాసినదాన్నే చటుక్కున చదువుకుంటారు. ఒక్కొక్కరు ఒక్కోలా చెప్పడానికి కారణం కూడా ఇదే. ఒకరు కొట్టేవాళ్ల వైపు నుంచి మాట్లాడుతున్నారు, ఇంకొకరు చదివేవాళ్ల వైపు నుంచి.

అందుకని మొదట చూడాల్సింది, మీ వీడియోలకు జనం ఏ దారిన వస్తున్నారన్నది. యూట్యూబ్ స్టూడియోలో `Analytics` తెరిచి, `Advanced mode` లోకి వెళ్లి, `Traffic source` ఎంచుకోండి. తేదీలు గడిచిన 90 రోజులకు పెట్టండి. అక్కడ `YouTube search` వాటా ఎంతో, `Browse features`, `Suggested videos` కలిపి ఎంతో కనిపిస్తాయి. ఛానల్ మొత్తానికి ఒకసారి చూసి ఆగిపోవద్దు, వీడియో వారీగా కూడా చూడండి. "ఎలా వెళ్లాలి", "ఏ బస్సు ఎక్కాలి" లాంటి వీడియోలకు సాధారణంగా వెతుకులాట నుంచే ఎక్కువమంది వస్తారు. పండగ సందడి, సముద్రం ఒడ్డున సాయంత్రం లాంటివి హోమ్ పేజీలో కనిపించి నడుస్తాయి. ఈ రెండో రకానికి ఇంగ్లీషు అక్షరాలతో పెద్ద పని లేదు. ఎవరూ కొట్టి వెతకడం లేదు కాబట్టి, చదవడానికి హాయిగా ఉండే తెలుగు టైటిల్ పెట్టేయండి. ఇక్కడి నుంచి చెప్పేదంతా మొదటి రకం వీడియోల గురించే.

అదే పట్టికలో `YouTube search` మీద నొక్కితే, జనం ఏ మాటలు కొట్టి మీ దగ్గరికి వచ్చారో జాబితా వస్తుంది. పైన కుడివైపు డౌన్‌లోడ్ గుర్తు నొక్కి సీఎస్‌వీగా దింపుకోండి. జిప్ ఫైలులో `Table data.csv` అనేదే మీకు కావలసింది. దాన్ని నేరుగా ఎక్సెల్‌లో తెరిస్తే తెలుగు మాటలన్నీ పిచ్చి గుర్తులుగా కనిపించవచ్చు. గూగుల్ షీట్స్‌లోకి ఇంపోర్ట్ చేస్తే ఆ తలనొప్పి ఉండదు. పైన `Total` అని ఒక వరస ఉంటుంది, ముందు దాన్ని తీసేయండి. లేకపోతే మొత్తం వ్యూస్ అన్నీ ఇంగ్లీషు ఖాతాలో పడి లెక్క తప్పుతుంది.

వెతికిన మాట `A` వరసలో, వ్యూస్ `B` వరసలో ఉండేలా సర్దుకుని, `C` వరసలో రెండో గడి నుంచి కిందికి ఇది లాగండి:

```
=IF(REGEXMATCH(A2,"[అ-హ]"),
 IF(REGEXMATCH(A2,"[A-Za-z]"),"కలిపి","తెలుగు"),
 "ఇంగ్లీషు")
```

తర్వాత ఖాళీ గడిలో ఒక్కో రకానికి వ్యూస్ కూడండి:

```
=SUMIF(C:C,"తెలుగు",B:B)
```

వరసల సంఖ్య లెక్కపెట్టకండి, వ్యూస్ కూడండి. ఇంగ్లీషు అక్షరాల్లో ఒకే మాటను పది స్పెల్లింగుల్లో కొడతారు కాబట్టి వరసలు ఎప్పుడూ ఇంగ్లీషు వైపే ఎక్కువ కనిపిస్తాయి. దాన్ని చూసి నిర్ణయం తీసుకుంటే మోసపోతాం.

ఈ లెక్కలో ఇంకో గోతి ఉంది, చాలామంది ఇక్కడే పడతారు. ఈ జాబితాలో వచ్చేది మిమ్మల్ని వెతికి పట్టుకున్నవాళ్ల మాటలు మాత్రమే. మీ టైటిళ్లన్నీ ఇప్పటిదాకా ఇంగ్లీషు అక్షరాల్లోనే ఉంటే, తెలుగులో కొట్టినవాళ్లకు మీరు అసలు కనిపించి ఉండకపోవచ్చు. అప్పుడు జాబితాలో తెలుగు లేకపోవడం, తెలుగులో ఎవరూ వెతకడం లేదనడానికి సాక్ష్యం కాదు. కాబట్టి బయట కూడా రెండు చోట్ల చూడాలి.

మొదటిది యూట్యూబ్ వెతుకులాట పెట్టెలో కిందికి జారే సూచనలు. బ్రౌజర్‌లో ప్రైవేట్ కిటికీ తెరిచి, లాగిన్ కాకుండా, `simhachalam g` దాకా కొట్టి ఆగండి. ఏమేం వస్తున్నాయో రాసుకోండి. తర్వాత `సింహాచలం గ` దాకా కొట్టి ఆగండి. తెలుగులో కూడా నిండుగా సూచనలు వస్తే ఆ మాట తెలుగులో వెతికే జనం ఉన్నట్టే. తెలుగులో ఒకటీ అరా మాత్రమే వచ్చి, ఇంగ్లీషులో పది వస్తే ఎటు మొగ్గు ఉందో తెలిసిపోతుంది. ఫోన్లో మీ సొంత ఖాతాతో ఈ పని చేయకండి. మీరు ఇదివరకు వెతికినవే మీకు పైన చూపిస్తుంది.

రెండోది గూగుల్ ట్రెండ్స్. `trends.google.com` లో `Web Search` అని ఉన్నచోట `YouTube Search` కు మార్చండి, ప్రాంతం ఇండియాలో ఆంధ్రప్రదేశ్‌కు తగ్గించండి. పేరు కొట్టగానే కింద `Topic`, `Search term` అని రెండు రకాలు చూపిస్తుంది. `Search term` మాత్రమే తీసుకోండి. `Topic` తీసుకుంటే అన్ని భాషల్లో, అన్ని స్పెల్లింగుల్లో వెతికినవాటిని కలిపేస్తుంది, మనకు కావలసిన తేడా దాంట్లోనే కరిగిపోతుంది. స్పెల్లింగులను కూడిక గుర్తుతో కలపవచ్చు:

```
simhachalam giri pradakshina + simhachalam giripradakshina
సింహాచలం గిరి ప్రదక్షిణ + సింహాచలం గిరి ప్రదక్షణ
```

ఈ రెండు వరసలనూ పక్కపక్కన పోల్చండి. రెండో వరసలో చివరి మాట తప్పుగా రాసినది కావాలనే పెట్టాను. చాలామంది అలాగే రాస్తారు, వాళ్లనూ లెక్కలోకి తీసుకోవాలి. వచ్చే అంకె సున్నా నుంచి నూరు దాకా పోలిక మాత్రమే, మనుషుల సంఖ్య కాదు. వెతికేవాళ్లు మరీ తక్కువగా ఉన్న మాటకు సున్నా చూపిస్తుంది. దాన్ని "ఎవరూ లేరు" అని చదవకండి, "ఇక్కడ కొలవలేం" అని చదవండి. మన పేటల పేర్లు చాలావాటికి ఇదే జరుగుతుంది, అప్పుడు సూచనల పెట్టే దిక్కు.

ఇప్పుడు ఒక వీడియో తీసుకుని ఆసాంతం చూద్దాం. సింహాచలం గిరి ప్రదక్షిణ మీ ఛానల్‌కు సరిగ్గా సరిపోయే విషయం. ఆషాఢ పౌర్ణమికి ముందురోజు తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి మొదలుపెట్టి, అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎన్‌ఏడీ, గోపాలపట్నం మీదుగా 32 కిలోమీటర్లు నడిచి వస్తారు. దారి ఎటు, ఎక్కడ ఆగవచ్చు, ఏం తీసుకెళ్లాలి అన్నది వీడియో విషయం. ఊళ్లోవాళ్లే కాదు, విజయనగరం, శ్రీకాకుళం నుంచి వచ్చేవాళ్లూ వెతుకుతారు. ఇందులో వయసు మళ్లినవాళ్లు మైకు నొక్కి మాటతో అడుగుతారు. ఫోన్లో మాటల భాష తెలుగుకు పెట్టి ఉంటే అడిగింది తెలుగు లిపిలోనే పెట్టెలో పడుతుంది, ఇంగ్లీషుకు పెట్టి ఉంటే ఇంగ్లీషు అక్షరాల్లో పడుతుంది. అందుకే దైవ సంబంధమైన విషయాల్లో తెలుగు లిపిని కొట్టిపారేయడానికి లేదు. అదే వీడియో కైలాసగిరి రోప్‌వే గురించో, సబ్‌మెరైన్ మ్యూజియం గురించో అయితే లెక్క మారుతుంది. బెంగాల్, ఒడిశా నుంచి వచ్చే పర్యాటకులు, ఉక్కునగరంలో, నేవీలో ఉండే వేరే రాష్ట్రాలవాళ్లు కూడా అదే వెతుకుతారు, వాళ్లు ఇంగ్లీషు అక్షరాలే కొడతారు.

గిరి ప్రదక్షిణ వీడియోకు చాలామంది పెట్టే టైటిల్ ఇలా ఉంటుంది:

```
Simhachalam Giri Pradakshinaki Ela Vellali Full Details Telugu lo
```

దీంట్లో రెండు ఇబ్బందులు. వాక్యం అంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు. వెతికేవాడు కొట్టేది మొదటి మూడు మాటలే, మిగతావి చదవడానికి ఉన్నవి, చదవడానికి ఉన్న మాటలు ఇలా రాస్తే అక్షరం అక్షరం కూడబలుక్కోవాలి. రెండో ఇబ్బంది, `Pradakshinaki` అని విభక్తిని పేరుకు అంటించడం. దీని సంగతి కాస్త వివరంగా చెప్పాలి, తెలుగు టైటిళ్లలో ఎక్కువగా నష్టం చేసేది ఇదే.

మన భాషలో పేరుకు ప్రత్యయం తగిలితే పేరు రూపమే మారిపోతుంది. సింహాచలం అన్న మాట "సింహాచలానికి" అయ్యేసరికి చివరి సున్నా పోయి కొత్త ముక్క వచ్చింది. జనం వెతికేది `సింహాచలం` అని. మీ టైటిల్‌లో ఆ మాట అచ్చంగా అలా ఎక్కడా లేదు. అలాగే విశాఖపట్నం "విశాఖపట్నానికి" అవుతుంది. యూట్యూబ్ ఇలాంటివి కొన్ని పోల్చుకోగలదు, కానీ చిన్న ఛానల్ దాని మీద ఆధారపడకూడదు. వెతికే పేరును ప్రథమా విభక్తిలో, విడిగా, టైటిల్ మొదట్లో పెట్టి, తర్వాత ఒక విరామ చిహ్నం ఉంచి మాట మొదలుపెట్టండి. "సింహాచలానికి ఎలా వెళ్లాలి" బదులు "సింహాచలం: ఎలా వెళ్లాలి". చదవడానికి ఏ ఇబ్బందీ లేదు, పేరు చెక్కుచెదరదు.

మీ లెక్కలో ఇంగ్లీషు అక్షరాల వ్యూస్ బాగా ఎక్కువగా తేలితే, అంటే వంద వ్యూస్‌లో డెబ్బై ఎనభై అటే ఉంటే, నేను ఇలా పెట్టమంటాను:

```
Simhachalam Giri Pradakshina: 32 కి.మీ రూట్, ఎక్కడ ఆగాలి, ఏం తీసుకెళ్లాలి
```

కొట్టే పేరు కొట్టే అక్షరాల్లో ఉంది, చదివే మాట చదివే లిపిలో ఉంది. తెలుగులో కొట్టేవాళ్లు కూడా మూడో వంతు దాకా ఉన్నారని తేలితే పేరును రెండు లిపుల్లోనూ పెట్టడం న్యాయం:

```
సింహాచలం గిరి ప్రదక్షిణ 32 కి.మీ రూట్ | Simhachalam Giri Pradakshina
```

ఫోన్ తెర మీద టైటిల్ రెండు వరసలు దాటితే తెగిపోతుంది. తెగినా ఫరవాలేదు, తెగేది ఇంగ్లీషు భాగం, అది వెతుకులాటకు పనికొచ్చేదే గాని చదవడానికి పెట్టింది కాదు. అందుకే ఈ రకం టైటిల్‌లో తెలుగు ముందు, ఇంగ్లీషు వెనక. తిరగేసి పెడితే కనిపించే సగం ఇంగ్లీషు అయిపోయి, తెలుగు పెట్టిన ప్రయోజనమే పోతుంది. మూడోసారి అదే పేరు ఇంకో స్పెల్లింగుతో ఇరికించకండి. చదివేవాళ్లకు అది చెత్తలా కనిపిస్తుంది.

డెబ్బై, మూడో వంతు అని నేను చెప్పినవి యూట్యూబ్ పెట్టిన గీతలు కావు. చిన్న ఛానళ్లకు పనిచేసే కొలతగా చెబుతున్నాను. మీ అంకెలు మధ్యలో తారాడుతుంటే రెండో రకం టైటిలే పెట్టండి, దానితో పోయేదేమీ లేదు.

టైటిల్‌కు 100 అక్షరాల హద్దు ఉంది. తెలుగులో ఇక్కడ జాగ్రత్త కావాలి. కంప్యూటర్ లెక్కలో గుణింతం గుర్తు ఒకటి, పొల్లు ఒకటి, వత్తు కింద హల్లు ఒకటి. "ప్రదక్షిణ" మన కంటికి ప్ర, ద, క్షి, ణ అని నాలుగే. లెక్కలో తొమ్మిది. పైన నేను పెట్టమన్న రెండు టైటిళ్లలో మొదటిది 73, రెండోది 68. హద్దు లోపలే ఉన్నాయి గాని, రెండు లిపుల్లోనూ పూర్తి వాక్యాలు రాయబోతే చివర తెగుతుంది. స్టూడియోలో టైటిల్ పెట్టె మూల అంకె కనిపిస్తూనే ఉంటుంది, దాన్ని చూసుకుంటూ రాయండి.

ఇక "పేరు ఒక లిపిలో ఉంటే రెండో లిపిలో వెతికినవాళ్లకు యూట్యూబే చూపిస్తుంది కదా" అని కొందరంటారు. కొంత నిజం. సింహాచలం, అరకు, ఆర్‌కే బీచ్ లాంటి బాగా నలిగిన పేర్లకు లిపి దాటి ఫలితాలు వస్తాయి. తొలిపావంచా, ముడసర్లోవ లాంటి చిన్న పేర్లకు దాన్ని నమ్ముకోకండి. పరీక్ష తేలిక. ప్రైవేట్ కిటికీలో పేరు తెలుగులో కొట్టి, మొదటి ఇరవై ఫలితాల్లో పూర్తిగా ఇంగ్లీషు అక్షరాల టైటిళ్లు ఎన్ని ఉన్నాయో చూడండి. అవి నాలుగైదు కూడా లేకపోతే ఆ పేరు లిపి దాటడం లేదన్నమాట, రెండు లిపుల్లోనూ మీరే రాయాలి.

ఊరి పేరు సంగతి. మనకు వైజాగ్, విశాఖ, విశాఖపట్నం మూడూ నడుస్తాయి. ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేవాళ్లకు `vizag` ఐదు అక్షరాల్లో తేలిపోతుంది, `visakhapatnam` పదమూడు, పైగా `k` తర్వాత `h` ఉందో లేదో అని తడబాటు. తెలుగులో వార్తల్లో విశాఖ, మాటల్లో వైజాగ్. ఇంగ్లీషు భాగంలో `Vizag`, తెలుగు భాగంలో "విశాఖ" పెడితే అక్షరాలు ఆదా అవుతాయి, రెండు పేర్లూ పలుకుతాయి. అయితే మీ చూపరులు ఊళ్లోవాళ్లే అంటున్నారు కాబట్టి ఇంకో మాట. గాజువాకలో ఉన్నవాళ్లు గాజువాక నుంచి ఎలా వెళ్లాలో వెతికేటప్పుడు వైజాగ్ అని కొట్టరు, `gajuwaka to simhachalam bus` అని కొడతారు. అలాంటి వీడియోకు ఊరి పేరు కంటే పేట పేరే విలువైనది. ద్వారకానగర్, గాంధీనగర్ లాంటి ప్రతి ఊళ్లోనూ ఉండే పేర్లకు మాత్రం వైజాగ్ తోడు ఉండి తీరాలి.

పేట పేర్లకు ఇంగ్లీషు స్పెల్లింగ్ ఏది తీసుకోవాలన్నది మరో తలనొప్పి. మధురవాడ `Madhurawada`, `Madhurwada`. రుషికొండ `Rushikonda`, `Rishikonda`. భీమిలి `Bheemili`, `Bhimili`, పూర్తి పేరుతో `Bheemunipatnam`. గూగుల్ మ్యాప్స్‌లో ఏది ఉందో చూసి, యూట్యూబ్ సూచనల్లో కూడా అదే వస్తుంటే అదే టైటిల్‌లో పెట్టండి. సగం కొట్టగానే కిందికి జారే సూచననే చాలామంది నొక్కుతారు కాబట్టి, ఎవరి స్పెల్లింగ్ ఏదైనా చివరికి అక్కడికే చేరతారు. మిగిలిన స్పెల్లింగులు ట్యాగుల్లో వేయండి.

ట్యాగుల పని అంతవరకే. వీడియోలు దొరకడంలో ట్యాగుల పాత్ర చాలా తక్కువనీ, తరచూ తప్పుగా రాసే మాటలకు పనికొస్తాయనీ యూట్యూబే చెబుతోంది. అన్నీ కలిపి 500 అక్షరాలు మించకూడదు. కాబట్టి "ప్రదక్షణ" అన్న తప్పు రూపం, "గిరిప్రదక్షిణ" అని కలిపి రాసిన రూపం, `giri pradakshana`, `giripradakshina` లాంటివి అక్కడ. మొత్తం పది పన్నెండు చాలు. ఆ జాబితానే డిస్క్రిప్షన్‌లో కుమ్మరించకండి. అలా ట్యాగులు గుప్పించడం స్పామ్ నియమాల కిందికి వస్తుంది, వీడియోనే తీసేసే ప్రమాదం ఉంది. డిస్క్రిప్షన్ మొదటి రెండు వాక్యాలు మాత్రం శ్రద్ధగా రాయండి. టైటిల్‌లో పేరు ఇంగ్లీషు అక్షరాల్లో ఉంటే ఇక్కడ తెలుగు లిపిలో, మామూలు వాక్యంలో రావాలి. టైటిల్‌లో తెలుగు ఉంటే ఇక్కడ ఇంగ్లీషు. దారిలో వచ్చే చోట్ల పేర్లు కూడా సమయాల పక్కన రెండు లిపుల్లో వేయవచ్చు, అక్కడ అది చూసేవాళ్లకు నిజంగా పనికొస్తుంది:

```
04:10 హనుమంతవాక (Hanumanthawaka)
```

తెలుగు లిపిలో రాసేటప్పుడు కంటికి కనిపించని రెండు చిక్కులు ఉన్నాయి. ఒకటి, మీ థంబ్‌నెయిల్ చేసే డీటీపీవాళ్లు అను ఫాంట్లలో టైపు చేసి ఇస్తే, ఆ అక్షరాలను టైటిల్‌లో అతికించకండి. అను పాత పద్ధతి ఫాంటు, యూనికోడ్ కాదు. బొమ్మలో చక్కగా కనిపిస్తుంది గాని, టైటిల్ పెట్టెలో పెడితే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగంగా వస్తాయి. బొమ్మ ఎలా చేసినా ఫరవాలేదు, టైటిల్ మాత్రం ఫోన్ కీబోర్డుతోనే కొట్టండి. రెండోది, "రూట్‌మ్యాప్", "వైజాగ్‌లో" లాంటి మాటల్లో పొల్లు తర్వాత కీబోర్డు ఒక కనిపించని గుర్తును చేరుస్తుంది. తర్వాతి హల్లు వత్తుగా మారకుండా ఆపడం దాని పని. వెతికేవాడు ఆ గుర్తు లేకుండా కొడితే రెండు మాటలూ కంప్యూటర్‌కు అచ్చంగా ఒకటి కావు. వెతికే మాట అయితే విడదీసి "రూట్ మ్యాప్" అని రాయడం క్షేమం. చదివే మాటల్లో అయితే ఎలా ఉన్నా సరే.

థంబ్‌నెయిల్ మీద మాత్రం నా ఓటు పూర్తిగా తెలుగుకే. బొమ్మ మీది అక్షరాల పని చదివించడమే. మూడు నాలుగు మాటలు మించకుండా, లావుపాటి ఫాంటులో, ఒత్తులు తక్కువ ఉన్న మాటలు ఎంచుకోండి. ఫోన్లో బొమ్మ చిన్నదైనప్పుడు "క్ష్మి" లాంటివి నల్లటి ముద్దగా కనిపిస్తాయి. "గిరి ప్రదక్షిణ దారి ఇదే" కంటే "32 కి.మీ దారి" తేటగా కనిపిస్తుంది, టైటిల్‌లో ఉన్న పేరునే మళ్లీ రాసినట్టూ ఉండదు. ఫాంట్లకు రామభద్ర, బాలూ తమ్ముడు రెండూ గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి. వరసల మధ్య ఎడం కాస్త పెంచండి, పై వరస వత్తులు కింది వరస తలకట్లకు తగులుతాయి. కుడివైపు కింది మూల వీడియో నిడివి అంకె పడుతుంది, అక్కడ అక్షరం పెట్టకండి.

ఇంకొకటి, ఇది తెలియక నష్టపోతున్న తెలుగు ఛానళ్లు చాలా ఉన్నాయి. స్టూడియోలో టైటిల్‌కు ఇంకో భాషలో అనువాదం చేర్చే వీలు ఉంది. తెలుగు టైటిల్ పెట్టి, పక్కన ఇంగ్లీషు టైటిల్ కూడా చేర్చితే రెండువైపులా జనం వస్తారని ఆశ. కానీ ఎవరికి ఏ టైటిల్ చూపాలన్నది చూసేవాళ్ల యూట్యూబ్ ఏ భాషలో ఉందో దాన్ని బట్టి ఉంటుంది. మన ఊళ్లో తెలుగువాళ్లలో కూడా ఎక్కువమంది ఫోన్లు ఇంగ్లీషులోనే ఉంటాయి. అంటే మీరు కష్టపడి రాసిన తెలుగు టైటిల్ మీ సొంత ఊరివాళ్లకే కనిపించకుండా, ఇంగ్లీషుది కనిపిస్తుంది. ఊళ్లోవాళ్ల కోసం చేసే వీడియోలకు ఇంగ్లీషు అనువాదం చేర్చకండి. ఇప్పటికే చేర్చి ఉంటే, ప్రైవేట్ కిటికీలో యూట్యూబ్ భాషను ఒకసారి ఇంగ్లీషుకు, ఒకసారి తెలుగుకు మార్చి మీ వీడియో టైటిల్ ఎలా మారుతోందో చూడండి. మారుతుంటే ఆ అనువాదాన్ని తీసేయండి. పర్యాటకుల కోసం చేసే వీడియోలకైతే అదే వెసులుబాటు హిందీకి, బెంగాలీకి బాగా పనికొస్తుంది. వివరాల పేజీలో టైటిల్ భాష, వీడియో భాష రెండూ తెలుగు అని సరిగ్గా పెట్టడం మాత్రం ఏ వీడియోకూ మరిచిపోవద్దు.

పాత వీడియోలకు టైటిళ్లు మార్చి చూడాలనుకుంటే అన్నీ ఒకేసారి మార్చకండి. ఒకే తరహా వీడియోలు ఆరు తీసుకుని మూడింటికి మార్చండి, మూడు అలాగే ఉంచండి. థంబ్‌నెయిల్ ముట్టుకోకండి. 28 రోజులు ఆగి, మార్చినవాటికి `YouTube search` నుంచి వచ్చిన వ్యూస్‌ను అంతకుముందు 28 రోజులతో పోల్చండి, మార్చనివాటికి కూడా అలాగే పోల్చండి. రెండు గుంపులూ ఒకేలా పెరిగితే అది సీజను మహిమ, టైటిల్‌ది కాదు. ఈ పోలికలో క్లిక్‌ల శాతాన్ని చూసి కంగారు పడవద్దు. కొత్త లిపి వల్ల ఇదివరకు కనిపించనివాళ్లకు కూడా కనిపించడం మొదలైతే ఇంప్రెషన్లు పెరుగుతాయి, వాళ్లలో అందరూ నొక్కరు కాబట్టి శాతం తగ్గినట్టు కనిపిస్తుంది. వెతుకులాట నుంచి వచ్చిన వ్యూస్ పెరిగాయా లేదా అన్నదే చూడాలి. నెలకు వెతుకులాట నుంచి పాతిక ముప్ఫై వ్యూస్ మాత్రమే వచ్చే వీడియోల మీద ఈ పరీక్ష పెట్టినా ఏమీ తేలదు, అటూ ఇటూ ఐదారుగురు మారితే ఫలితమే తిరగబడుతుంది.

గిరి ప్రదక్షిణ, చందనోత్సవం లాంటి తిథిని బట్టి వచ్చేవాటికి ఈ పరీక్ష సీజనులో పెట్టకండి. చందనోత్సవం అక్షయ తృతీయ నాడు, నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్కరోజే. వెతుకులాట అంతా ఆ ముందు రోజుల్లోనే ఎగసి పడిపోతుంది. ట్రెండ్స్‌లో ఐదేళ్ల గీత తెరిస్తే ఆ ఎగుడు ఎప్పుడు మొదలవుతోందో కనిపిస్తుంది. దానికి కనీసం నెల ముందే టైటిల్ తేల్చేసి, తర్వాత పండగ అయ్యేదాకా చేయి పెట్టకండి. నిరుటి వీడియోనే ఉంటే, సంవత్సరం అంకె మాత్రం టైటిల్‌లో వేసి ఉంచకండి. దారి మారకపోయినా, పాత అంకె చూసి జనం పక్క వీడియోకు వెళ్లిపోతారు.